మూత్రంలో చక్కెర ఎప్పుడు పడుతుంది?

రెండు ల్యాబ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుందాం. మొదటిది అరవై ఎనిమిదేళ్ల పెద్దాయనది. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. భోజనం చేసిన రెండు గంటలకు తీసిన రక్తంలో గ్లూకోజు 220. అప్పుడే ఇచ్చిన మూత్రంలో చక్కెర ‘నిల్’. రెండోది యాభై రెండేళ్ల ఆవిడది. పరగడుపున 104, తిన్నాక 138. మూత్రంలో మాత్రం నాలుగు ప్లస్‌లు. ఇంట్లోవాళ్లు చూస్తే పేర్లు తారుమారయ్యాయని ల్యాబ్‌వాళ్ల మీదికి వెళ్తారు. తారుమారు కాలేదు. రెండూ సరైన రిపోర్టులే.

రక్తంలో చక్కెర పెరిగితే మూత్రంలోనూ పెరుగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. మూత్రం అంత అమాయకంగా రక్తాన్ని చూపించదు. మధ్యలో కిడ్నీలోని ఒక చిన్న గొట్టం ఉంది. అది ఎంత వెనక్కి లాక్కోగలదన్నదాన్ని బట్టే మూత్రంలో ఎంత పడుతుందో తేలుతుంది. డాక్టర్లు దాన్ని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో సమీప నాళిక అని ఉంటుంది. పొడవు సుమారు 15 మిల్లీమీటర్లు. ఒక్కో కిడ్నీలో ఇలాంటివి దాదాపు పది లక్షలు.

ముందుగా ఈ గొట్టంలోకి ఏం వస్తుందో చూడాలి. కిడ్నీలో రక్తం సన్నటి కేశనాళికల ఉండ గుండా వెళ్తుంది. దాని పేరు గ్లోమెరులస్. అక్కడ రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు లోపలే ఉండిపోతాయి. నీరు, ఉప్పు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, యూరియా వడగట్టుకుని బయటికి వస్తాయి. ఆరోగ్యవంతుడి రెండు కిడ్నీలూ కలిపి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు వడగడతాయి. రోజుకు 180 లీటర్లు. మన ఒంట్లోని ప్లాస్మా మొత్తం మూడు లీటర్లే కాబట్టి, అదే ప్లాస్మా రోజుకు అరవైసార్లు వడపోతకు వస్తోందన్నమాట. ఆ 180 లీటర్లలో సుమారు కిలోన్నర ఉప్పు, 180 గ్రాముల గ్లూకోజు, ఓ 50 గ్రాముల అమైనో ఆమ్లాలు ఉంటాయి.

వడపోతకు మంచీ చెడూ తెలియదు. చిన్నగా ఉన్న ప్రతిదాన్నీ వదిలేస్తుంది. కావలసినవాటిని ఏరుకుని తిరిగి రక్తంలో కలపడం నాళిక వంతు. సమీప నాళిక దాటేసరికి వడకట్టిన నీటిలో, సోడియంలో మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్లిపోతాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలైతే దాదాపు మొత్తం వెళ్లిపోతాయి. మిగతా సోడియం, నీటి సంగతి కిందనున్న భాగాలు చూసుకుంటాయి. గ్లూకోజు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఈ 15 మిల్లీమీటర్లలో దొరకనిది ఇక మూత్రంలోకే.

ఈ వెనక్కి లాగే పనంతా సోడియం మీద ఆధారపడి నడుస్తుంది. నాళిక గోడలోని ఒక్క కణాన్ని ఊహించుకుందాం. దానికి ఒకవైపు నాళికలోని ద్రవం, ఇంకోవైపు రక్తం. ద్రవం వైపు ఉపరితలం మీద సన్నటి పోగులు కిక్కిరిసి ఉంటాయి. వాటివల్ల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రక్తం వైపు గోడలో ఒక పంపు ఉంటుంది. అది మూడు సోడియం అయాన్లను కణంలోంచి బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీతల నాడుల్లో గుర్తించాడు. దానికి నోబెల్ బహుమతి నలభై ఏళ్ల తర్వాత, 1997లో వచ్చింది. పంపు నడవడానికి కావలసిన శక్తి ఏటీపీ నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఫిస్క్‌తో కలిసి ఆయన ఒకవైపు, జర్మనీలో లోమన్ మరోవైపు విడివిడిగా ఆ పదార్థాన్ని కనుక్కున్నారు.

పంపు ఆగకుండా తోడేస్తూ ఉండటంవల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే. నాళికలోని ద్రవంలో లీటరుకు 140 మిల్లీమోల్స్ ఉంటే కణం లోపల పది, పదిహేను. పైగా కణం లోపలి వైపు రుణ విద్యుదావేశం. ధనావేశమున్న సోడియానికి ఇంతకంటే ఏం కావాలి? ఎక్కడ ఏ కాస్త సందు దొరికినా లోపలికి దూకుతుంది. దానికి దొరికే ‘సందు’లన్నీ కొన్ని ప్రోటీన్లు. వాటిలో ఎక్కువ సోడియాన్ని లోపలికి తెచ్చేది, ఒక సోడియాన్ని తీసుకుని బదులుగా ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి పంపే ప్రోటీన్. రక్తంలోని బైకార్బొనేట్ వృథా కాకుండా వెనక్కి రావడానికి ఆ హైడ్రోజనే ఆధారం. మరికొన్ని ప్రోటీన్లు సోడియాన్ని ఒంటరిగా రానివ్వవు. వెంట గ్లూకోజునో, అమైనో ఆమ్లాన్నో తీసుకొస్తేనే దారి ఇస్తాయి. సోడియం తన తొందరలో తాను లోపలికి పోతూ, ఆ తోడు వచ్చినదాన్ని కూడా లాక్కుపోతుంది. గ్లూకోజు ఇలా సోడియం బలంతో కణంలోకి వెళ్తుందన్న ఆలోచనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో మొదట చెప్పాడు. ఆయన చూసింది పేగుల్ని. కిడ్నీలోనూ అదే సూత్రం పనిచేస్తుంది.

ఒకచోట సోడియం వెళ్లాక నీరు దాని వెనకే వెళ్తుంది, నీటితోపాటు క్లోరైడ్ కూడా. అందుకే సమీప నాళిక చివరికి వచ్చేసరికి ద్రవం పరిమాణం మూడో వంతుకు తగ్గినా, అందులో సోడియం గాఢత మాత్రం మొదట ఎంతుందో దాదాపు అంతే ఉంటుంది.

ఇప్పుడు గ్లూకోజు దగ్గరికి వద్దాం. దాన్ని మోసే ప్రోటీన్లు రెండు రకాలు. నాళిక మొదటి భాగంలో ఎస్‌జీఎల్‌టీ2 ఉంటుంది. ఒక సోడియానికి ఒక గ్లూకోజును తెస్తుంది. గ్లూకోజును పట్టుకోవడంలో దానికంత పట్టింపు లేదు గాని, మోసే సామర్థ్యం ఎక్కువ. వచ్చిన గ్లూకోజులో 90 శాతం దాని ఖాతాలోనే పడుతుంది. చివరి భాగంలో ఎస్‌జీఎల్‌టీ1 ఉంటుంది. ఒక్క గ్లూకోజు కోసం రెండు సోడియంలను వాడుకుంటుంది. ఖర్చు రెట్టింపే, కాని రెండు సోడియంల బలం ఉంది కనుక ద్రవంలో మిగిలిన కొద్దిపాటి గ్లూకోజును కూడా వదలకుండా ఊడ్చుకొస్తుంది. పై భాగంలో చక్కెర పుష్కలంగా ఉంటుంది, అక్కడ చవకగా ఎక్కువ మోసేది కావాలి. కింద అరుదుగా దొరుకుతుంది, అక్కడ ఖర్చైనా గట్టిగా పట్టుకునేది కావాలి. కణంలోకి చేరాక గ్లూకోజు రక్తం వైపు గోడలోని వేరే ప్రోటీన్ల ద్వారా ఏ ఖర్చూ లేకుండా రక్తంలోకి జారిపోతుంది.

పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉన్న మనిషిని తీసుకుందాం. నిమిషానికి వడకట్టేది 125 మిల్లీలీటర్లు, అంటే 1.25 డెసిలీటర్లు. గుణిస్తే నిమిషానికి 125 మిల్లీగ్రాముల గ్లూకోజు నాళికలోకి వస్తోంది. అంతా వెనక్కి వెళ్లిపోతుంది. రక్తంలో 200 అయితే వచ్చేది 250. ఇందులోనూ దాదాపు అంతా వెళ్తుంది. అలా పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

ఆ ఆగే చోటును కొలిచినవాడు జేమ్స్ షానన్. తర్వాతి కాలంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతి అయిన ఈయన, 1930లలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో హోమర్ స్మిత్ దగ్గర పనిచేసేవాడు. కుక్కల రక్తంలోకి గ్లూకోజు ఎక్కిస్తూ, వడపోత వేగాన్ని విడిగా కొలుస్తూ, మూత్రంలో ఎంత చక్కెర పడుతోందో లెక్కవేశాడు. వడకట్టినదాంట్లోంచి మూత్రంలో పడినది తీసేస్తే, నాళిక వెనక్కి లాగినది ఎంతో తెలుస్తుంది. రక్తంలో చక్కెర పెంచేకొద్దీ ఈ అంకె పెరిగింది. ఒక దశ తర్వాత ఎంత ఎక్కించినా అది కదల్లేదు. 1938లో ప్రచురించిన ఆ ఫలితం నుంచి వచ్చిందే ‘ట్రాన్స్‌పోర్ట్ మాక్సిమమ్’, అంటే రవాణా గరిష్ఠం. డాక్టర్లు పొట్టిగా టీఎం అంటారు. మనుషుల్లో గ్లూకోజుకు ఇది మగవాళ్లలో నిమిషానికి సుమారు 375 మిల్లీగ్రాములు, ఆడవాళ్లలో కొంత తక్కువ, 300 చుట్టుపక్కల.

ఏటి రేవులో పడవల్ని తలచుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. పడవలు ఇన్ని, ఒక్కో పడవ గంటకు ఇన్నిసార్లు తిరుగుతుంది. ఒడ్డున జనం తక్కువ ఉన్నంతసేపు అందరూ దాటుతారు. పడవలన్నీ నిండిపోయాక ఒడ్డున వంద మంది ఉన్నా వెయ్యి మంది ఉన్నా గంటకు దాటేవాళ్ల సంఖ్య మారదు. మిగిలినవాళ్లు ఒడ్డునే ఉండిపోతారు. మోసే ప్రోటీన్ల సంఖ్యకూ, అవి ఒక్కో విడత తీసుకునే సమయానికీ ఉన్న పరిమితే టీఎం.

రక్తంలో 400 ఉన్న మనిషి నాళికలోకి నిమిషానికి 500 మిల్లీగ్రాములు వస్తాయి. గరిష్ఠంగా మోయగలిగింది 375. మిగిలిన 125 మూత్రంలో పడుతుంది. అదే స్థాయి రోజంతా ఉంటే 180 గ్రాములు. చక్కెర ఒక్కటే పోదు, పోతూ నీటిని తన వెంట పట్టుకుపోతుంది. షుగర్ అదుపు తప్పినవాళ్లు మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, ఎంత తాగినా దాహం తీరకపోవడం ఇందువల్లే. మూత్రం పోసినచోట చీమలు పడుతున్నాయని పల్లెల్లో రోగాన్ని పసిగట్టింది కూడా టీఎం దాటిన ఈ చక్కెరను చూసే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 375ను 1.25తో భాగిస్తే 300 వస్తుంది. లెక్క ప్రకారం రక్తంలో చక్కెర 300 దాటేదాకా మూత్రంలో ఏమీ పడకూడదు. కాని 180, 200 దగ్గరే కనబడటం మొదలవుతుంది. వైద్య విద్యార్థులు ‘రీనల్ థ్రెషోల్డ్ 180’ అని బట్టీపట్టే అంకె అదే. లెక్కకూ, వాస్తవానికీ ఉన్న ఈ తేడాకు ముఖ్యమైన కారణం నాళికలన్నీ ఒక్కలా ఉండకపోవడం. 375 అన్నది ఇరవై లక్షల నాళికల మొత్తం. కొన్నింటి గ్లోమెరులస్ ఎక్కువ వడగడుతుంది, నాళిక పొట్టిగా ఉంటుంది. పడవలు తక్కువున్న రేవుకే ఎక్కువ జనం వచ్చినట్టు, అలాంటి నాళికలు ముందే చేతులెత్తేస్తాయి. మిగతావాటిలో ఇంకా ఖాళీ ఉన్నా, ఒక నాళికలో మిగిలిన చక్కెర పక్క నాళికలోకి వెళ్లే దారి లేదు. రెండో కారణం, మోసే ప్రోటీన్ పూర్తి వేగం అందుకోవాలంటే చుట్టూ గ్లూకోజు బాగా ఎక్కువ ఉండాలి. పూర్తి వేగానికి చేరేలోపే కొంత జారిపోతుంది. గ్రాఫు గీస్తే మూల దగ్గర నిటారుగా విరగాల్సిన గీత వంపు తిరిగి కనిపించేది ఈ రెండింటివల్లే.

ఈ లెక్క చేతిలో ఉంటే మొదటి రిపోర్టు అర్థమవుతుంది. పెద్దాయనకు వయసు, షుగర్ రెండూ కలిసి వడపోత నిమిషానికి 55 మిల్లీలీటర్లకు పడిపోయిందనుకుందాం. రక్తంలో 220 ఉన్నా నాళికల్లోకి వచ్చేది 220 ఇంటూ 0.55, అంటే 121 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడికి పరగడుపున వచ్చేదీ ఇంచుమించు ఇంతే. పైగా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో గ్లూకోజు టీఎం తగ్గకపోగా, పెరగడమే కద్దు. చక్కెర ఎక్కువైన ఒంట్లో దాన్ని బయటికి తోసేయడం మానేసి, కిడ్నీ మరింత గట్టిగా పట్టుకుంటుందన్నమాట! వడపోత తగ్గినంతగా నాళికల శక్తి తగ్గకపోతే మూత్రంలో చక్కెర కనబడే గీటు పైకి జరుగుతుంది. మూత్రసంచిలో ఉన్నది గత కొన్ని గంటల మూత్రమన్నది కూడా మరిచిపోకూడదు. ఆ క్షణంలో రక్తంలో ఎంతుందో అది చెప్పలేదు. నీలం ద్రావణంలో మూత్రం వేసి కాచి, ఆకుపచ్చ వస్తే కొంచెం, ఇటుక రంగు వస్తే బాగా ఎక్కువ అని చూసుకుని మందు మోతాదు మార్చిన రోజులు ఒకప్పుడు ఉండేవి. అప్పట్లో ఇలాంటి పెద్దాయనకు షుగర్ బాగానే ఉందని చెప్పి పంపించేవాళ్లు.

గర్భిణుల్లో సరిగ్గా దీనికి తలకిందులు. గర్భంలో వడపోత యాభై శాతం దాకా పెరుగుతుంది. రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా నాళికలోకి వచ్చే సరుకు ఒకటిన్నర రెట్లవుతుంది, నాళిక లాక్కునే తీరు కూడా కొంత మందగిస్తుంది. అందుకే నెలనెలా చేసే పరీక్షలో ఒక ప్లస్ కనబడగానే గర్భిణికి షుగర్ వచ్చేసిందని బెంబేలు పడనక్కర్లేదు. ఆ సంగతి తేల్చేది గ్లూకోజు తాగించి చేసే రక్తపరీక్షే.

రెండో రిపోర్టు ఆవిడ సంగతి వేరు. ఆవిడకు గుండె బలహీనత ఉంది, దానికోసం డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర రాశారు. ఈ మాత్ర ఎస్‌జీఎల్‌టీ2ను అడ్డుకుంటుంది. దీని పూర్వీకుడు ఆపిల్ చెట్టు బెరడులో దొరికిన ఫ్లోరిజిన్. 1835లో వేరుచేశారు. 1886లో ఫాన్ మేరింగ్ దాన్ని ఇస్తే రక్తంలో చక్కెర పెరగకుండానే మూత్రంలో చక్కెర పడుతుందని చూపించాడు. ఆ పదార్థం పేగుల్లోని ఎస్‌జీఎల్‌టీ1ను కూడా అడ్డుకుంటుంది, అక్కడే విరిగిపోతుంది కూడా. అందుకని మందుగా పనికిరాలేదు. ఎస్‌జీఎల్‌టీ2 ఒక్కదాన్నే పట్టుకునే రూపం తయారై మార్కెట్లోకి వచ్చేసరికి 2012 అయింది.

ఆవిడ లెక్క వేద్దాం. రోజంతా రక్తంలో సగటున 120, వడపోత నిమిషానికి 90 మిల్లీలీటర్లు అనుకుంటే, నాళికల్లోకి నిమిషానికి 108 మిల్లీగ్రాములు, రోజుకు 155 గ్రాముల గ్లూకోజు వస్తుంది. ఎస్‌జీఎల్‌టీ2 వాటా 90 శాతమని చెప్పుకున్నాం. అది మూతపడితే 140 గ్రాములు మూత్రంలో పోవాలి. నిజానికి ఇలాంటివాళ్లలో పోయేది రోజుకు 50, 60 గ్రాములు మాత్రమే. మరి మిగతాది ఎటుపోయింది?

జవాబు కింది రేవులో ఉంది. మామూలు రోజుల్లో ఎస్‌జీఎల్‌టీ1కి పది శాతం పనే తగులుతుంది. అంత మాత్రాన దాని సత్తా అంతేనని కాదు. పైనున్నది దాదాపు అంతా లాగేసుకోవడంవల్ల దానికి మిగిలేది అంతే. పైదాన్ని ఆపేస్తే సరుకంతా కిందికి వస్తుంది, ఇన్నాళ్లూ సగం ఖాళీగా తిరిగిన పడవలు నిండుతాయి. మాత్ర ప్రభావం సగం దగ్గరే ఆగిపోవడం ఒకరకంగా మన మంచికే. ఆ 55 గ్రాములు రెండు లీటర్ల మూత్రంలో ఉంటే డెసిలీటరుకు 2700 మిల్లీగ్రాముల పైచిలుకు. చాలా స్ట్రిప్‌ల రంగుల చార్టు 2000 దగ్గరే ముగుస్తుంది. నాలుగు ప్లస్‌లు రాకపోతేనే ఆవిడ మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదేమోనని అనుమానించాలి. పుట్టుకతోనే ఎస్‌జీఎల్‌టీ2 జన్యువులో లోపమున్నవాళ్లు కూడా ఉంటారు. జీవితమంతా మూత్రంలో చక్కెర పోతూనే ఉంటుంది, ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ మందులు తయారుచేసినవాళ్లకు అలాంటి కుటుంబాలే ధైర్యం.

అమైనో ఆమ్లాలదీ మౌలికంగా ఇదే పద్ధతి. కాకపోతే ఇరవై రకాలు ఉన్నాయి కనుక వాటిని మోసే ప్రోటీన్లు కూడా ఎన్నో. తటస్థమైనవాటికి ఒకటి, ఆమ్ల స్వభావమున్నవాటికి ఇంకొకటి, క్షార స్వభావమున్నవాటికి మరొకటి, అలా గుంపులుగా పంచుకుంటాయి. చాలావాటికి టీఎం మామూలుగా వచ్చే సరుకు కంటే బాగా ఎక్కువ. అందుకే మాంసం, పప్పు దండిగా తిన్న రోజున కూడా అమైనో ఆమ్లాలు మూత్రంలో పొంగిపొర్లవు. ఒకే ప్రోటీన్‌ను పంచుకునేవి మాత్రం చోటుకోసం పోటీపడతాయి. ఒకదాన్ని రక్తంలోకి ఎక్కువగా ఎక్కిస్తే అదే గుంపులోని ఇంకొకటి మూత్రంలోకి జారుతుంది.

ఇలా గుంపుగా వెళ్లడంవల్ల వచ్చే చిక్కు సిస్టినూరియా అనే వ్యాధిలో స్పష్టంగా కనిపిస్తుంది. సిస్టిన్, లైసిన్, ఆర్జినిన్, ఆర్నిథిన్ ఈ నాలుగింటినీ నాళికలో ఒకే ప్రోటీన్ జంట లాగుతుంది. పుట్టుకతో అందులో లోపముంటే నాలుగూ మూత్రంలో పోతాయి. మూడింటితో పేచీ లేదు, నీటిలో బాగా కరుగుతాయి. సిస్టిన్ కరగదు. మామూలు మూత్రంలో లీటరుకు పావు గ్రాము దాటితే స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. ఆరు మూలలతో చదునుగా ఉండే ఆ స్ఫటికాలు మైక్రోస్కోపు కింద కనబడితే రోగ నిర్ధారణ అయిపోయినట్టే. ఒక లోపభూయిష్టమైన నాళిక రోజుకు ఒక గ్రాము సిస్టిన్‌ను వదిలిందనుకోండి, దాన్ని కరిగిన స్థితిలో ఉంచడానికి నాలుగు లీటర్ల మూత్రం కావాలి. చిన్న వయసులోనే కిడ్నీలో రాళ్లు మళ్లీమళ్లీ వచ్చేవాళ్లను నిద్రలో లేచి మరీ నీళ్లు తాగమని డాక్టర్లు పోరేది ఈ లెక్కమీదే. మూత్రాన్ని క్షారం వైపు మళ్లించే మందు కూడా ఇస్తారు, అప్పుడు సిస్టిన్ కాస్త ఎక్కువ కరుగుతుంది. ఈ పదార్థం మొదట దొరికింది కూడా రాయిలోనే. 1810లో ఇంగ్లండులో వొల్లాస్టన్ మూత్రాశయపు రాయిని పరీక్షిస్తూ దీన్ని కనుక్కున్నాడు.

తటస్థ అమైనో ఆమ్లాలను మోసే ప్రోటీన్ చెడితే వచ్చేది హార్ట్‌నప్ వ్యాధి. అందులో ట్రిప్టోఫాన్ పోతుంది. మన ఒళ్లు బి3 విటమిన్‌ను కొంత ట్రిప్టోఫాన్ నుంచే చేసుకుంటుంది గనుక, ఎండ తగిలిన చర్మం కమిలి పెల్లాగ్రాను పోలిన మచ్చలు వస్తాయి. అసలు పెల్లాగ్రా దక్కనులో ఒకప్పుడు జొన్న తినేవాళ్లలో కనబడేది. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయం నుంచి దాన్ని వివరిస్తూ, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానం వెలిబుచ్చారు. అది తిండికి సంబంధించినది, ఇది నాళికకు సంబంధించినది. చర్మం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఒక్క ప్రోటీన్ కాకుండా అన్నిటినీ నడిపే సోడియం వ్యవస్థే దెబ్బతింటే? అప్పుడు గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, ఫాస్ఫేటు, బైకార్బొనేట్ అన్నీ ఒకేసారి కారిపోతాయి. దీన్ని ఫాంకోనీ సిండ్రోమ్ అంటారు. నాళిక కణాలకు శక్తి అవసరం ఎక్కువ కాబట్టి విషపదార్థాలకూ, ఆక్సిజన్ కొరతకూ ముందుగా బలయ్యేవి అవే. పిల్లల్లో సిస్టినోసిస్ వంటి పుట్టు వ్యాధులవల్ల వస్తుంది. పెద్దల్లో హెచ్‌ఐవీకి, హెపటైటిస్-బీకి వాడే టెనోఫోవిర్‌వల్ల కొద్దిమందికి రావచ్చు. గడువు తీరిన టెట్రాసైక్లిన్ మాత్రలవల్ల వచ్చిన కేసులూ 1960లలో నమోదయ్యాయి. రక్తంలో చక్కెర మామూలుగా ఉండి మూత్రంలో చక్కెర కనబడి, పైగా రక్తంలో ఫాస్ఫేటు తగ్గి, ఎముకలు నొప్పులు పెడుతుంటే డాక్టరు మనసు అటు పోవాలి. సిస్టినూరియాలో గ్లూకోజు పోదు, ఎస్‌జీఎల్‌టీ2 లోపంలో అమైనో ఆమ్లాలు పెద్దగా పోవు. అన్నీ కలిసి పోతుంటే లోపం ఒక్క ప్రోటీన్‌ది కాదు, కణానిదే.

గ్లూకోజుకు టీఎం ఉంది, అమైనో ఆమ్లాలకు ఉంది. వీటన్నిటినీ లాక్కొచ్చే సోడియానికి మాత్రం సమీప నాళికలో అలాంటి గీటు లేదు. పంపుల సామర్థ్యం చాలా పెద్దది. కణాల మధ్య అతుకులు మాత్రం వదులుగా ఉంటాయి, బయటికి తోసిన సోడియంలో కొంత ఆ సందుల్లోంచి మళ్లీ నాళికలోకి కారుతుంది. అందువల్ల నికరంగా ఎంత వెనక్కి వెళ్తుందన్నది ద్రవం ఎంతసేపు అక్కడ ఉంది, రెండు వైపులా గాఢతల తేడా ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. వడపోత పెరిగితే లాక్కునేదీ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మూడింట రెండు వంతులన్న వాటా పెద్దగా మారదు. ఎక్కువ వడపోతతో పాటే ఎక్కువ గ్లూకోజు, ఎక్కువ అమైనో ఆమ్లాలు రావడం, అవి ఎక్కువ సోడియాన్ని వెంటబెట్టుకుపోవడం దీనికి ఒక కారణం.

షుగర్ రోగి కిడ్నీ పాడవడంలో ఈ చివరి సంగతికి పెద్ద పాత్ర ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువ కాబట్టి నాళిక ఎక్కువ గ్లూకోజును లాగుతుంది, దాంతోపాటు ఎక్కువ సోడియాన్నీ లాగుతుంది. కింది భాగానికి చేరే ఉప్పు తగ్గుతుంది. అక్కడ ఉప్పును కనిపెట్టుకుని ఉండే మాక్యులా డెన్సా అనే కొన్ని కణాలున్నాయి. ఉప్పు తగ్గిందంటే వడపోత తగ్గిందని అవి భ్రమపడతాయి. గ్లోమెరులస్‌లోకి రక్తం తెచ్చే ధమనిని వెడల్పు చేయిస్తాయి. లోపల ఒత్తిడి పెరుగుతుంది, వడపోత అవసరానికి మించి సాగుతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే సన్నటి కేశనాళికలు తట్టుకోలేవు.

డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఎస్‌జీఎల్‌టీ2ను ఆపినప్పుడు గ్లూకోజుతో పాటు సోడియం కూడా కిందికి వెళ్తుంది. మాక్యులా డెన్సాకు ఉప్పు అందుతుంది, ధమని మళ్లీ బిగుసుకుంటుంది, గ్లోమెరులస్ మీద ఒత్తిడి తగ్గుతుంది. మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనబడేది ఇందుకే. అది చూసి కంగారుపడి మాత్ర మానేసేవాళ్లు ఉన్నారు, డాక్టర్ని అడక్కుండా అలా చేయకూడదు. అలాగని మాత్రకు ఇబ్బందులే లేవనీ కాదు. మూత్రంలో చక్కెర నిత్యం ఉండటంవల్ల జననాంగాల దగ్గర ఫంగస్ దురదలు రావచ్చు. ఉపవాసాలున్నప్పుడు, వాంతులవుతున్నప్పుడు, ఆపరేషన్‌కు ముందు రోజుల్లో మాత్ర కొనసాగిస్తే రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకుపోయే ప్రమాదముంది. గ్లూకోమీటర్ 160 చూపిస్తోంది కదా అని ఊరుకుంటే ఆ ప్రమాదం పట్టుబడదు. ఆయాసం, వాంతులు, కడుపునొప్పి ఉంటే కీటోన్లు చూపించుకోవాలి.

కిడ్నీ బాగా నీరసించి వడపోత 30, 35కి పడిపోయినవాళ్లలో ఈ మాత్ర చక్కెరను తగ్గించదు. వడకట్టే చక్కెరే తక్కువైనప్పుడు ఆపడానికి ఏముంటుంది? అయినా కిడ్నీ క్షీణించే వేగం మాత్రం వాళ్లలోనూ తగ్గుతోందని 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరిశోధనలో తేలింది. అందులో షుగర్ లేని కిడ్నీ రోగులూ ఉన్నారు, ఫలితం వాళ్లలోనూ కనిపించింది. చక్కెర సంగతి అలా ఉంచి, నెఫ్రాలజిస్టులు ఇప్పుడు ఈ మాత్రను సోడియం కోసమే రాస్తున్నారు.